నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ కొట్టే ముందు, కొట్టేటప్పుడు, కొట్టాక

పోయిన వేసవిలో మా బావ దుబాయ్ నుంచి కోరుట్లకి వచ్చాడు. వచ్చిన మర్నాడు పొద్దున్నే, నేనింకా టీ కూడా తాగలేదు, ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఏందిరా ఇది, మన సిమ్ముకు సిగ్నలే వస్తలేదు. ఇంట్ల వైఫై కనెక్ట్ అయితది గానీ యూట్యూబ్ గుండ్రంగ తిరుగుడే తప్ప వస్తలేదు" అన్నాడు. అప్పటికే బస్టాండ్ దగ్గర మొబైల్ షాపులో చూపించాడట, ఫోన్ మొత్తం ఫార్మాట్ కొట్టాలని చెప్పారట. రెండేళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయి, మనిషికి టెన్షన్ ఎందుకుండదు.

ఫార్మాట్ అవసరం పడలేదు. నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఒక్కటి రీసెట్ చేస్తే సరిపోయింది. అయితే ఆ బటన్ నొక్కడానికి పట్టింది నిమిషమే గానీ, నొక్కే ముందు ఒక అరగంట వేరే పని చేశాను. ఆ అరగంట పని చేయకుండా నొక్కి ఉంటే బావ దుబాయ్ బ్యాంకు ఖాతా ఓటీపీలు ఆగిపోయేవి. అందుకే ఇది రాస్తున్నాను, ఎందుకంటే రీసెట్ ఎక్కడుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, దాంతో ఏం పోతుందో చెప్పేవాళ్లు తక్కువ.

అసలు ఇది ఏం చేస్తుంది

మీ ఫోన్ నెట్‌వర్క్ విషయంలో చాలా సంగతులు గుర్తుపెట్టుకుంటుంది. ఏ వైఫైకి ఏ పాస్‌వర్డ్, ఏ ఇయర్‌బడ్స్‌తో జత కట్టింది, సిమ్ ఏ ఆపరేటర్ టవర్ పట్టుకోవాలి, మొబైల్ డేటా ఏ ఏపీఎన్ ద్వారా, అంటే ఆపరేటర్ నుంచి ఇంటర్నెట్‌లోకి పోయే ఏ దారి గుండా పోవాలి, 4జీ వాడాలా 5జీ వాడాలా, ఇలాంటివి. వీటిలో కొన్ని మీరే ఎప్పుడో మార్చి ఉంటారు, కొన్ని ఏదో యాప్ మార్చి ఉంటుంది, కొన్ని మీ పక్కింటి కుర్రాడు "నెట్ స్పీడ్ పెంచుతా అన్నా" అని మార్చి ఉంటాడు. నెట్‌వర్క్ రీసెట్ అంటే ఈ గుర్తులన్నీ తుడిచేసి, ఫోన్ కొన్నరోజు ఎలా ఉండేవో అలా పెట్టడం. ఫొటోలు, కాంటాక్టులు, మెసేజ్‌లు, వాట్సాప్ చాట్‌లు, యాప్‌లు, యూపీఐ, ఇవేవీ పోవు. వాటిని అది ముట్టుకోదు.

కాబట్టి సమస్య ఫోన్ గుర్తుపెట్టుకున్న దాంట్లో ఉంటేనే రీసెట్ పనిచేస్తుంది. సమస్య టవర్‌లోనో, రీఛార్జ్‌లోనో, ఇంట్లో రౌటర్‌లోనో, పడేసి పగలగొట్టిన యాంటెన్నాలోనో ఉంటే వందసార్లు రీసెట్ కొట్టినా అంతే. ముందు అది తేల్చుకోవాలి.

సమస్య ఫోన్‌లోనే ఉందా అని తేల్చుకోవడం

మొదట ఎయిరోప్లేన్ మోడ్ వేసి ఒక అర నిమిషం ఆగి తీసేయండి, ఆ తర్వాత ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. నవ్వకండి, టవర్‌తో ఫోన్ మళ్లీ మొదటినుంచి మాట్లాడుకునేలా చేసేది ఇదే, దీంతోనే పోయే సమస్యలు బోలెడు, పైగా ఏదీ చెరిగిపోదు.

దాంతో కాకపోతే సిమ్ తీసి ఇంకొకరి ఫోన్‌లో వేసి చూడండి. అక్కడ కూడా సిగ్నల్ లేకపోతే తప్పు సిమ్‌దో, రీఛార్జ్‌దో, ఆపరేటర్‌దో. అక్కడ చక్కగా పనిచేస్తే తప్పు మీ ఫోన్‌లో ఉంది. ఒక మాట, సిమ్ తీసి పెట్టాక కొన్ని యూపీఐ యాప్‌లు నంబర్‌ని మళ్లీ వెరిఫై చేయమంటాయి. మళ్లీ అదే స్లాట్‌లో వేయండి, అప్పటికీ అడిగితే కంగారు పడకండి, అది రీసెట్ వల్ల వచ్చింది కాదు, సిమ్ కదిలించడం వల్ల వచ్చింది.

వైఫైకి కూడా ఇదే పరీక్ష. అదే వైఫైకి ఇంట్లో ఇంకో ఫోన్ కలిపి చూడండి. అందులోనూ నెట్ రాకపోతే రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి, లేదా బ్రాడ్‌బ్యాండ్ వాళ్లకి ఫోన్ చేయండి, మీ ఫోన్ జోలికి పోకండి.

బావ విషయంలో రెండు పరీక్షలూ ఒకే సమాధానం చెప్పాయి. అతని సిమ్ మా అక్క ఫోన్‌లో వేస్తే నిండా గీతలు వచ్చాయి. ఇంటి వైఫై మీద మిగతా మూడు ఫోన్‌లూ హాయిగా నడుస్తున్నాయి. అంటే రెండు సమస్యలూ అతని ఫోన్‌లోనే ఉన్నాయి.

ఇక్కడే చాలామంది తొందరపడి రీసెట్ కొట్టేస్తారు. నేను నోటిఫికేషన్లు కిందికి లాగి చూశాను. ఒకటి, ఎంచుకున్న నెట్‌వర్క్ అందుబాటులో లేదని చెబుతోంది, పక్కన యూఏఈ ఆపరేటర్ పేరు ఉంది. ఇంకోటి, `Private DNS server cannot be accessed` అని. అడిగితే కథంతా బయటికొచ్చింది. దుబాయ్‌లో మన సిమ్ ఓటీపీల కోసం రోమింగ్‌లో పెట్టుకున్నప్పుడు సిగ్నల్ ఊరికే పోతోందని సెట్టింగ్స్‌లోకి పోయి అక్కడి ఆపరేటర్‌ని చేత్తో ఎంచాడు. అలా చేత్తో ఎంచితే ఫోన్ ఆ ఒక్క నెట్‌వర్క్ కోసమే చూస్తుంది. ఆ ఆపరేటర్ టవర్ కోరుట్లలో ఎక్కడినుంచి వస్తుంది? రెండోది, రూంలో ఉండే దోస్తు ఎవరో యాడ్‌లు రాకుండా అని ప్రైవేట్ డీఎన్ఎస్‌లో ఒక సర్వర్ పేరు కొట్టి పెట్టాడు. వెబ్‌సైట్ పేరుని ఇంటర్నెట్ చిరునామాగా మార్చిపెట్టే పని డీఎన్ఎస్‌ది. ఆ పని ఫలానా సర్వరే చేయాలని పేరు కొట్టి పెడితే, అది దొరకనప్పుడు ఫోన్ ఇంకెవరినీ అడగదు. అందుకే వైఫై గుర్తు ఉంటుంది, నెట్ మాత్రం ఉండదు.

తెలిసిన తప్పులైతే వాటిని విడివిడిగా సరిచేయొచ్చు. సిమ్ సెట్టింగ్స్‌లో `Automatically select network` ఆన్ చేస్తే మొదటిది పోతుంది. `Private DNS`ని `Automatic`లో పెడితే రెండోది పోతుంది. ఒక్క వైఫైతోనే గొడవైతే ఆ ఒక్కదాన్ని `Forget` కొట్టి మళ్లీ కలపొచ్చు. మొబైల్ డేటా మాత్రమే రాకపోతే ఏపీఎన్ పేజీలో పైనున్న మూడు చుక్కలు నొక్కి `Reset to default` కొట్టొచ్చు. నిజం చెప్పాలంటే మీకు కారణం తెలిసినప్పుడు ఇదే మంచి దారి, ఇంటి తాళం ఒక్కటి పోతే తలుపులన్నీ మార్చం కదా.

నేను బావ ఫోన్‌లో అలాగే మొదలుపెట్టాను. సిగ్నల్ వచ్చింది, కానీ మొబైల్ డేటా రాలేదు. ఏపీఎన్ చూస్తే అక్కడా ఏదో కెలికి ఉంది, ప్రాక్సీ గడిలో ఏవో అంకెలు. నెట్‌వర్క్ రకం 3జీ మీద పెట్టి ఉంది. డేటా సేవర్ ఆన్‌లో ఉంది. "ఇవన్నీ ఎవరు మార్చిన్రు బావా" అంటే "నాకేం ఎరుక, రూంల అందరు పట్టుకుంటరు" అన్నాడు. ఎవరేం మార్చారో ఎవరికీ గుర్తులేని ఇలాంటి ఫోన్‌కే నెట్‌వర్క్ రీసెట్.

నొక్కే ముందు చేయాల్సినవి

ముందు వైఫై పాస్‌వర్డ్‌లు. ఆండ్రాయిడ్‌లో వైఫై పేజీ తెరిచి, ఇప్పుడు కలిసున్న నెట్‌వర్క్ మీద నొక్కి `Share` అంటే క్యూఆర్ కోడ్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ అక్షరాల్లో కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి, లేదా ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. అదే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసినా పోదు గానీ, తన గ్యాలరీలో ఉన్న క్యూఆర్‌ని అదే ఫోన్‌తో స్కాన్ చేయాలంటే తంటా. ఐఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న `i` నొక్కి, `Password` అన్నచోట తాకితే కనిపిస్తుంది. ఇంట్లో వైఫై ఒక్కటే కదా అనుకోకండి, అత్తగారింటిది, ఆఫీసుది, పిల్లల ట్యూషన్ దగ్గరిది, అన్నీ పోతాయి. మళ్లీ అడగడానికి మొహమాటపడే చోటి పాస్‌వర్డ్‌లు ముందు రాసుకోండి.

తర్వాత ఏపీఎన్. మీ ఆఫీసు ఇచ్చిన ప్రత్యేక సిమ్ అయితే తప్ప మామూలుగా దీన్ని రాసుకోవాల్సిన పనిలేదు, ఎందుకంటే సిమ్‌లో ఉన్న గుర్తింపు నంబర్ చూసి ఫోన్ ఇది ఏ దేశం, ఏ ఆపరేటర్ అని గుర్తుపట్టి తన దగ్గరున్న పట్టికలోంచి ఏపీఎన్ తనే పెట్టుకుంటుంది. అయినా తర్వాత సరిచూసుకోవడానికి గుర్తుంచుకోండి: జియోకి `jionet`, ఎయిర్‌టెల్‌కి `airtelgprs.com`, బీఎస్ఎన్ఎల్‌కి `bsnlnet`. వీఐకి ఉత్త `www` అని కనిపిస్తే తప్పు అనుకోకండి, దానికి అంతే.

మీ నెట్‌ని ఇంకో సర్వర్ గుండా పంపే వీపీఎన్ ఏదైనా చేత్తో పెట్టుకుని ఉంటే దాని సర్వర్ పేరు, యూజర్ పేరు రాసుకోండి. హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ కూడా చాలా ఫోన్లలో పాతదానికి పోతాయి, మీ లాప్‌టాప్ దాని మీదే బతుకుతుంటే అదీ రాసిపెట్టుకోండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది ఈ-సిమ్. దీని గురించి కాస్త నిదానంగా చదవండి. బావ ఫోన్‌లో మన సిమ్ ప్లాస్టిక్‌ది, దుబాయ్ నంబర్ ఈ-సిమ్. అక్కడి బ్యాంకు ఓటీపీలు ఆ నంబర్‌కే వస్తాయి. ఆండ్రాయిడ్‌లో రీసెట్ పేజీలోనే `Erase eSIMs` అనో, కొంచెం పాత ఫోన్లయితే `Erase downloaded SIMs` అనో ఒక టిక్ పెట్టె ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే ఈ-సిమ్ ఫోన్‌లోంచి చెరిగిపోతుంది. ప్లాస్టిక్ సిమ్‌లాగా తీసి పెట్టుకునేది కాదు అది. చెరిగితే ఆపరేటర్ దగ్గర మళ్లీ తెచ్చుకోవాలి, మొదట్లో ఇచ్చిన క్యూఆర్ కోడ్ సాధారణంగా రెండోసారి పనిచేయదు. ఆ ఆపరేటర్ దుబాయ్‌లో, మనిషి కోరుట్లలో, గుర్తింపు నిర్ధారించడానికి మళ్లీ ఆ నంబర్‌కే ఓటీపీ. ఊహించుకోండి. ఆ పెట్టె ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని గానీ ముందుకు పోకండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇండియా నంబర్‌ని ఈ-సిమ్‌గా పెట్టుకున్నవాళ్లకి ఇదే మాట తిరగేసి వర్తిస్తుంది.

ఆండ్రాయిడ్‌లో

కంపెనీకో దారి ఉంది. గూగుల్ పిక్సెల్, మోటోరోలా లాంటి వాటిలో `Settings` తెరిచి `System`, అందులో `Reset options`. పాత వెర్షన్లలో అక్కడ `Reset Wi-Fi, mobile & Bluetooth` అని ఒకటే వరస ఉంటుంది. కొత్త వాటిలో దాన్ని రెండుగా విడగొట్టారు, `Reset mobile network settings` ఒకటి, `Reset Bluetooth & Wi-Fi` ఒకటి. ఇది మంచి మార్పు, డేటా సమస్యకి బ్లూటూత్ జతలన్నీ పోగొట్టుకోనక్కర్లేదు, మీ గొడవ దేంతో ఉందో దాన్నే ఎంచుకోండి. శాంసంగ్‌లో `General management`, తర్వాత `Reset`, అందులో `Reset network settings`, కొత్త వాటిలో ఇక్కడా విడివిడిగా ఉంటాయి. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో వెర్షన్ మారినప్పుడల్లా చోటు మారుస్తుంటారు, కాబట్టి తిప్పలు పడకుండా సెట్టింగ్స్ పైన ఉండే వెతుకు గడిలో `reset` అని కొట్టండి, నెట్‌వర్క్ అనో వైఫై అనో మొబైల్ అనో ఉన్న వరసని నొక్కండి.

అదే పేజీలో కిందనే `Erase all data (factory reset)` ఉంటుంది. షాపు వాళ్లు చెప్పిన ఫార్మాట్ అదే. వేలు జారితే భయపడకండి, ఒక్క నొక్కుతో ఏమీ చెరగదు, హెచ్చరిక పేజీ వస్తుంది. గుర్తుపట్టడం తేలిక: ఆ పేజీలో వైఫై, మొబైల్ డేటా, బ్లూటూత్ అని మాత్రమే రాసి ఉంటే మీరు సరైన చోట ఉన్నారు. ఫొటోలు, మ్యూజిక్, గూగుల్ ఖాతా లాంటి మాటలు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి.

సరైన పేజీలో ఉన్నారు కదా, ఇప్పుడు రెండు సిమ్‌లు ఉంటే ఏ సిమ్ సెట్టింగ్స్ రీసెట్ చేయాలో అడిగే చోటు చాలా ఫోన్లలో పైనో కిందో ఉంటుంది. దాన్ని చూడకుండా నొక్కేస్తే మంచిగా ఉన్న సిమ్‌ని కెలికి, పాడైనదాన్ని అలాగే వదిలేసినట్టవుతుంది. బావ ఫోన్‌లో నేను ఇక్కడి సిమ్‌ని ఎంచాను, దుబాయ్ ఈ-సిమ్‌ని వదిలేశాను, టిక్ పెట్టె ఖాళీగా ఉందని చూశాను. తర్వాత `Reset settings` నొక్కాలి, ఫోన్ లాక్ పిన్ అడుగుతుంది, ఇంకో పేజీలో మళ్లీ `Reset settings` అని అడుగుతుంది. అంతే. చార్జింగ్ నిండా ఉండాలనేమీ లేదు గానీ ఐదు శాతంలో ఉన్నప్పుడు మాత్రం మొదలుపెట్టకండి.

నొక్కిన తర్వాత సిగ్నల్ గీతలు పోయి, వైఫై పోయి, ఫోన్ కాసేపు అనాథలా కనిపిస్తుంది. అర నిమిషమో నిమిషమో ఆగండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు తమంతట తాము రీస్టార్ట్ కావు, మీరే ఒకసారి చేయండి. బావ ఫోన్ ఆన్ అవగానే 4జీ అని వచ్చింది, ఐదారు సెకన్లలో వాట్సాప్ మెసేజ్‌లు వరసగా టంగుమన్నాయి.

ఐఫోన్‌లో

`Settings`, `General`, అట్టడుగున `Transfer or Reset iPhone`, అందులో `Reset`, అందులో `Reset Network Settings`. `Reset` కిందనే ఉండే `Erase All Content and Settings` మొత్తం తుడిచేసేది, దాని జోలికి పోవద్దు. పాస్‌కోడ్ అడుగుతుంది, ఫోన్ తనే రీస్టార్ట్ అవుతుంది. ఇక్కడ ఇది కావాలి అది వద్దు అని ఎంచుకునే వీలు లేదు, అన్నీ ఒకేసారి. అయితే ఈ-సిమ్ దీంతో పోదు.

ఐఫోన్‌లో ఇంకో రెండు మూడు సంగతులు మారతాయి, చాలామందికి తెలియవు. మీ ఫోన్‌కి మీరు పెట్టుకున్న పేరు పోయి ఉత్త `iPhone` అవుతుంది, హాట్‌స్పాట్ పేరు కూడా అదే కాబట్టి లాప్‌టాప్‌లో మీ ఫోన్ వెతుక్కోవాల్సి వస్తుంది. మీరు చేత్తో నమ్మమని చెప్పిన సర్టిఫికెట్లు మళ్లీ నమ్మనివిగా మారతాయి. ఆఫీసు వాళ్లు ప్రొఫైల్ ద్వారా పెట్టిన వీపీఎన్ ఉంటుంది, మీరు పెట్టుకున్నది పోతుంది.

హాస్టళ్లలో, కాలేజీల్లో ఉండేవాళ్లకి ఇంకోటి. ఐఫోన్ ఒక్కో వైఫైకి ఒక్కో ప్రైవేట్ అడ్రస్, అంటే తనని గుర్తుపట్టే నంబర్, చూపిస్తుంది. నెట్‌వర్క్ రీసెట్ చేస్తే ఆ అడ్రస్ మారిపోతుంది. మీ హాస్టల్ వైఫై మీ ఫోన్ అడ్రస్‌ని రిజిస్టర్ చేసుకుని లోపలికి రానిచ్చే రకమైతే, రీసెట్ తర్వాత పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా నెట్ రాదు. అప్పుడు మళ్లీ రీసెట్ కొట్టడం కాదు, వైఫై చూసుకునే వాళ్ల దగ్గరికి పోయి కొత్త అడ్రస్ రాయించుకోవాలి. ఆ అడ్రస్ వైఫై పేరు పక్కనున్న `i` నొక్కితే కనిపిస్తుంది.

ఆ తర్వాత తిరిగి పెట్టుకోవాల్సినవి

నెట్ వచ్చింది కదా అని ఫోన్ జేబులో పెట్టేస్తే సాయంత్రానికి ఇంకో ఫిర్యాదు వస్తుంది. బావకీ వచ్చింది. "నెట్ మంచిగనే ఉంది గానీ లోపలి రూంల ఫోన్ మాట్లాడితే కట్ అయితుంది" అన్నాడు. మా ఇంట్లో లోపలి గదికి టవర్ సరిగ్గా అందదు, ఇంతకుముందు వైఫై కాలింగ్‌తో నడిచేది. రీసెట్‌తో వైఫై కాలింగ్ కూడా ఫోన్ మొదటి స్థితికి పోయింది, ఆ ఫోన్‌లో మొదటి స్థితి అంటే ఆఫ్. సిమ్ సెట్టింగ్స్‌లోకి పోయి `Wi-Fi calling` ఆన్ చేస్తే సరిపోయింది. అక్కడే `VoLTE` ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి, కొన్ని ఫోన్లలో దాన్ని `4G calling` అంటారు. ముఖ్యంగా జియో సిమ్ అయితే తప్పకుండా చూడండి, వాళ్లకి 2జీ, 3జీ లేవు కాబట్టి ఇది ఆఫ్ అయితే మామూలు కాల్ అసలే పోదు.

రెండు సిమ్‌లున్న ఫోన్‌లో మొబైల్ డేటా ఏ సిమ్ మీద ఉందో చూడండి. విదేశీ సిమ్ మీద ఉండి డేటా రోమింగ్ ఆన్ అయితే బిల్లు వాచిపోతుంది. రీసెట్ అయిన సిమ్‌కి రోమింగ్ సాధారణంగా ఆఫ్ అవుతుంది గానీ, నేను వదిలేసిన ఈ-సిమ్‌కి అది అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది, చేత్తో ఆఫ్ చేశాను. ఓటీపీ మెసేజ్‌లు రావడానికి డేటా రోమింగ్ అక్కర్లేదు, ఆ సిమ్ ఇక్కడి టవర్‌ని పట్టుకుంటే చాలు.

బ్లూటూత్ జతలు మళ్లీ కట్టాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ఫోన్ ఇయర్‌బడ్స్‌ని మర్చిపోయింది గానీ, ఇయర్‌బడ్స్, కారు, వాచీ ఇంకా ఫోన్‌ని గుర్తుపెట్టుకునే ఉంటాయి. పాత స్నేహం ఒకవైపే మిగిలితే జత కుదరదు. కారు స్క్రీన్‌లో పాత ఫోన్ పేరు తీసేసి కొత్తగా వెతకండి. ఇయర్‌బడ్స్‌ని పెయిరింగ్ మోడ్‌లో పెట్టండి. స్మార్ట్ వాచీల్లో కొన్నిటిని వాచీ వైపు కూడా రీసెట్ చేస్తేనే మళ్లీ కలుస్తాయి, కాబట్టి వాచీ ఉన్నవాళ్లు రీసెట్‌కి ముందే దాని డేటా ఫోన్ యాప్‌లోకి సింక్ అయిందో లేదో చూసుకోండి.

డేటా లిమిట్, డేటా సేవర్, ఏ యాప్‌ని వెనకాల నెట్ వాడనివ్వకూడదని మీరు ఆపారో ఆ జాబితా, ఇవి కూడా ఆండ్రాయిడ్‌లో చెరిగిపోతాయి. రోజుకి ఒకటిన్నర జీబీ ప్లాన్ మీద ఉండి, ఫొటోల బ్యాకప్ వైఫైలోనే జరగాలని ఇలా కట్టడి చేసుకున్నవాళ్లు ఆ పని మళ్లీ చేసుకోవాలి. లేకపోతే మధ్యాహ్నానికే డేటా అయిపోయి, రీసెట్ వల్లే ఏదో చెడిపోయిందనుకుంటారు.

దీంతో కానివి

రోజువారీ డేటా అయిపోతే చాలా ప్లాన్లలో స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అప్పుడు వాట్సాప్‌లో అక్షరాల మెసేజ్ వెళ్తుంది, ఫొటో వెళ్లదు, యూట్యూబ్ అసలే రాదు. ఇది చూసి నెట్‌వర్క్ రీసెట్ కొట్టినవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. అర్ధరాత్రి దాటాక తనే బాగవుతుంది, వాళ్లేమో రీసెట్ వల్ల బాగైందనుకుంటారు. ఆపరేటర్ యాప్‌లో మిగిలిన డేటా ఎంతో ముందు చూడండి.

బ్రౌజర్‌లో ప్రతి సైటూ సురక్షితం కాదని అంటుంటే ఫోన్‌లో తేదీ, టైము చూడండి. అది తప్పుంటే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి. నెట్‌వర్క్ రీసెట్ తేదీని సరిచేయదు.

ఏ సిమ్ వేసినా, ఏ ఊళ్లో ఉన్నా సిగ్నల్ లేకపోతే డయలర్‌లో `*#06#` కొట్టండి. ఐఎంఈఐ నంబర్ రావాలి. అది ఖాళీగానో, సున్నాలుగానో కనిపిస్తే టవర్‌తో మాట్లాడే భాగమే దెబ్బతింది, సెట్టింగ్స్ తుడిస్తే వచ్చేది కాదు, సర్వీస్ సెంటర్‌కే పోవాలి. ఫోన్ నీళ్లలో పడ్డాకనో, డిస్‌ప్లే మార్పించాకనో మొదలైన సమస్యకి కూడా ముందు అనుమానించాల్సింది లోపలి యాంటెన్నా తీగనే.

ఇంకో రకం ఉంది, రీసెట్ చేయగానే బాగై, రెండు మూడు రోజుల్లో మళ్లీ అదే రోగం. అప్పుడు ఫోన్‌లో ఏదో యాప్ సెట్టింగ్స్‌ని వేలుపెట్టి మారుస్తోంది. పైన వరసలో తాళంచెవి గుర్తు ఉందా చూడండి, ఉంటే వీపీఎన్ నడుస్తోంది. యాడ్‌లు ఆపేవి, ఉచిత వీపీఎన్‌లు, బ్యాటరీ ఆదా చేస్తామనేవి ఒక్కొక్కటి తీసేసి చూడండి. బావ ఫోన్‌లో అలాంటివి మూడున్నాయి. రెండు తీసేయనిచ్చాడు. మూడోది దుబాయ్‌లో వీడియో కాల్ కోసం కావాలన్నాడు, ఉంచాను గానీ ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఆప్షన్ తీసేశాను. తిరిగి పోయేటప్పుడు సిమ్ పేజీ తెరిచి, అక్కడ సిగ్నల్ రాకపోతే ఆపరేటర్‌ని చేత్తో ఎంచుకో గానీ, శంషాబాద్‌లో దిగగానే ఈ `Automatically select network` బటన్ మళ్లీ ఆన్ చెయ్ బావా అని చూపించాను. "గిదొక్కటేనా" అని ఫొటో తీసుకున్నాడు.